గోడలో మొలిచిన రెండాకులు

సోమవారం పొద్దున ఏడు గంటలు. హైదరాబాద్ శివారులో కుతుబ్‌షాహీల కాలం నాటి ఓ చిన్న సమాధి మందిరం. అడుగున నల్లరాతి కట్టుబడి, పైన డంగు సున్నపు గార, ఆపైన గుమ్మటం. తాళం తీసి లోపలికి వెళ్లిన కాపలాదారు ముందు చీపురు పట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నాలుగు గోడలూ చూసుకుంటూ ఒక చుట్టు తిరిగాడు. మెట్ల మలుపు దగ్గర ఆగాడు. గోడమీద ఓ బాణం గుర్తు, దానికి అటూ ఇటూ రెండు పేర్లు. బొగ్గుతో రాసినవి. నిన్న సాయంత్రం మూసేటప్పుడు లేవట.

‘‘ఆదివారం పోయి సోమవారం వస్తే గిదే సార్. నేను గేటు కాడ టికెట్లు చూస్తుంటే వీళ్లు ఈడ పెళ్లి చేసుకుంటరు’’ అన్నాడు నవ్వుతూ.

ఆయన వయసు యాభై దాటింది. ఇరవై ఏళ్లుగా ఇదే కొలువు. తన పేరూ, కట్టడం పేరూ రాయొద్దని ముందే మాట తీసుకున్నాడు. ‘పైవాళ్లు ఏమనుకుంటరో’ అన్నది ఆయన భయం. కాబట్టి ఈ వ్యాసంలో ఆయన ‘అన్న’ మాత్రమే.

నేను అక్కడికి వెళ్లడానికి కారణం మా మేనల్లుడు. గోల్కొండ కోట పైకి ఎక్కి బాలాహిసార్ బారాదరి చూస్తున్నప్పుడు గార గోడలమీద వరసగా పేర్లు కనిపించాయి. ‘‘వీటిని తుడిచెయ్యొచ్చు కదా, ఎందుకు ఉంచారు?’’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తుడవడం అంత తేలికైతే ఎప్పుడో తుడిచేవారేమో! ఆ సంగతి తెలుసుకుందామని వెళితే గోడమీది రాతల కథ కాస్తా పావురాల దగ్గరకూ, అక్కణ్నుంచి రావిమొక్క దగ్గరకూ వెళ్లింది. పాత కట్టడానికి ఈ మూడూ వేర్వేరు బాధలు కావు.

రబ్బరుతో పోయేవి... పోనివి

అన్న చేతిసంచిలో ఏమున్నాయో చూస్తే ఆశ్చర్యం వేసింది. పిల్లలు బడికి తీసుకెళ్లే తెల్ల రబ్బర్లు నాలుగు, మెత్తటి వెంట్రుకల బ్రష్షు, ఆరంగుళాల స్కేలు, ఒక పాత నోటుపుస్తకం. అంతే.

ముందు స్కేలును రాత పక్కన పట్టి సెల్‌ఫోనుతో ఫొటో తీశాడు. నోటుపుస్తకంలో తేదీ, ఏ గోడ, నేలనుంచి ఎంత ఎత్తు, దేనితో రాశారు అన్నవి రాసుకున్నాడు. ఆ తర్వాతే బ్రష్షు తీశాడు. పొడి బ్రష్షుతో పైనుంచి కిందికి మెల్లగా దులిపితే సగం బొగ్గు రాలిపోయింది. మిగిలినదాన్ని రబ్బరుతో చిన్నచిన్నగా, ఒకే దిక్కుకి తీశాడు. రబ్బరు మూల నల్లబడగానే ఆ ముక్క కోసి పారేసి కొత్త అంచుతో మళ్లీ. లేదంటే తీసిన బొగ్గే తిరిగి గోడకు అంటుతుంది.

‘‘తడిబట్టతో తుడిస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది కదన్నా?’’ అన్నాను.

‘‘అప్పుడు నిమిషంల పోయేది నూరేండ్లు ఉంటది సార్.’’

డంగు సున్నపు గార అద్దంలా నున్నగా కనిపించినా దాని ఒంటినిండా కంటికి కనపడని సందులు. బొగ్గుపొడి నీళ్లలో కలిస్తే ఆ సందుల్లోకి ఇంకిపోయి బూడిదరంగు మరకగా స్థిరపడుతుంది. అందుకే బొగ్గుకీ సుద్దముక్కకీ మొదటి మందు నీళ్లు కాదు, పొడి బ్రష్షు. అదికూడా ముందు కనపడని మూల అంగుళం మేర ప్రయత్నించి చూస్తాడు. రబ్బరుకి గార రంగు అంటుకుంటుంటే, వేలితో తడిమితే పొడి రాలుతుంటే అక్కడితో ఆపేస్తాడు. అది బలహీనపడిన గార. రాతతోపాటు గోడ కూడా చెరిగిపోతుంది.

మరి పెయింటు, మార్కర్ పెన్ను, వక్కాకు ఉమ్ముల సంగతి? ఉమ్మి తాజాగా ఉంటే దూదితో అద్ది పీల్చి, మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన స్పాంజితో అద్దుతాడు. రుద్దడు. పెయింటు, మార్కర్ల జోలికి మాత్రం అసలు వెళ్లడు. ఫొటో తీసి కబురు పంపుతాడు. థిన్నరు పోసి తుడిస్తే రంగు పల్చబడి ఇంకా లోపలికి దిగుతుంది. పురావస్తు రసాయన విభాగం వాళ్లు దానికి వేరే పద్ధతి వాడతారు. తగిన ద్రావకాన్ని కాగితపు గుజ్జులోనో, మెత్తటి బంకమట్టిలోనో కలిపి మరకమీద పట్టులా వేస్తారు. అది ఆరుతూ రంగును గోడలోంచి బయటికి లాక్కుంటుంది. ఒకసారికి పోకపోతే మళ్లీ వేస్తారు. ముఖానికి ముల్తానీ మట్టి పట్టు వేసినట్లే అనుకోండి. కాకపోతే ఏ రంగుకి ఏ ద్రావకమో తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

ఇక మేకుతోనో, తాళంచెవితోనో గీకిన పేర్లు. మా మేనల్లుడు అడిగింది వీటి గురించే. వీటిని తుడవడం ఎవరి తరమూ కాదు. ఎందుకంటే అక్కడ అదనంగా చేరిన పదార్థం ఏమీ లేదు, ఉన్న గారే పోయింది. చెరపాలంటే చుట్టూ ఉన్న గారను కూడా అంత లోతు గీకాలి. గీత మరీ పైపైన ఉంటే నిపుణులు అదే రంగు సున్నంతో పూడ్చి కనపడకుండా చేయగలరు. లోతుగా ఉంటే, చెక్కిన లతలమీద ఉంటే అలా వదిలేయడమే మేలు. గోడనిండా కనిపించే పేర్లలో ఎక్కువభాగం ఈ కోవలోవే.

ఇక్కడ కాపలాదారు చేయగలిగింది మందు కాదు, కాపలా. అన్న నోటుపుస్తకంలో రెండేళ్ల రాతలు వరసగా చూస్తే ఓ విషయం తెలిసింది. దాదాపు అన్నీ నాలుగు నుంచి ఆరడుగుల ఎత్తులోనే ఉన్నాయి. అదీ మెట్ల మలుపులోనూ, పడమటి వైపు చీకటి గూడులోనూ. జనం కాసేపు ఆగేచోటు, ఎవరికీ కనపడని చోటు. ఆయన తన స్టూలును గేటు పక్కనుంచి మలుపు ఎదురుగా జరిపాడు. ఆదివారాలు టికెట్లు ఇంకొకరు చూస్తే ఆ నెలలో రాతలు తగ్గాయి, ఆ రెండో మనిషి రాని వారం మళ్లీ మొదలయ్యాయి. పుస్తకంలో అదీ ఉంది. రాతను వెంటనే తీసేయడంలోనూ లాభం ఉంది. ఒక పేరు పక్కన ఇంకో పేరు రాయడానికి ఉన్న ధైర్యం ఖాళీగోడ మీద ఉండదు.

కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే చట్టం ఊరుకోదు. 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించాక రెండేళ్ల వరకూ జైలు, లేదా లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. అయితే రాస్తుండగా పట్టుకునే మనిషి అక్కడ ఉండాలిగా!

ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకూడదు. గోడమీద ఉన్న ప్రతి గీతా చెత్త కాదు. రాళ్లు చెక్కినవాళ్లు పెట్టుకున్న గుర్తులు, వందల ఏళ్లకిందటి యాత్రికులు రాసుకున్న మాటలు చరిత్రకు ఆధారాలు. శ్రీలంకలోని సిగిరియాలో అద్దపు గోడ మీద పూర్వపు సందర్శకులు గీకిన పద్యాలను ఇప్పుడు కంటికి రెప్పలా కాపాడుతున్నారు. అందుకే అన్న తన నోటుపుస్తకంలో ‘కొత్తది’ అని తేదీ ఉన్నదాన్నే ముట్టుకుంటాడు. అంతకుముందే ఉన్నవి పెద్దసార్లు చూసి చెప్పేదాకా అలాగే ఉంటాయి. ఏది కొత్తదో తెలియాలంటే మొదట ఒకరోజు కూర్చుని ప్రతి గోడనీ అడుగడుగూ ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆయన తీసిపెట్టుకున్నాడు.

తెల్లమరక చేసే పని

గుమ్మటం కింద చుట్టూ ఉన్న గూళ్లలో పావురాలు. కింద నేలమీద, గోడ అంచులమీద తెల్లటి రెట్ట. చూడ్డానికి అసహ్యంగా ఉండటం దానివల్ల జరిగే నష్టాల్లో అన్నిటికన్నా చిన్నది.

రెట్టలో ఆ తెల్లటి భాగం యూరిక్ ఆమ్లం. దాంతోపాటు నత్రజని, భాస్వరం ఉన్న లవణాలు. దానిమీద తేమ తగిలితే బూజు పెరుగుతుంది. ఆ బూజు తిని విడిచేవి కూడా ఆమ్లాలే. నల్లరాయి వీటిని చాలావరకూ తట్టుకుంటుంది. సున్నం తట్టుకోలేదు. చలువరాయి, సున్నపురాయి, గార... ఇవన్నీ ఒకే కుటుంబం, ఆమ్లం తగిలితే కరుగుతాయి. లవణాలు చేసే పని ఇంకా నిదానం. వానాకాలం తేమతో గోడలోకి ఇంకుతాయి. ఎండ కాయగానే గార కింద గట్టి పలుకులుగా మారి ఉబ్బుతాయి. ఏళ్లతరబడి ఇలా ఇంకుతూ ఉబ్బుతూ ఉంటే గార గోడనుంచి విడిపోతుంది. పైకి ఏమీ కనపడదు. అన్న వేలి కణుపుతో గోడను మెల్లగా కొట్టి చూపించాడు. ఒకచోట ‘టక్’మంది. జానెడు పక్కన ‘డబ్’మంది. డొల్ల! ఆ డొల్ల ఎంతమేర ఉందో కూడా పుస్తకంలో రాసి ఉంది.

శుభ్రం చేయడానికి ఆయన మొదట ముక్కుకీ నోటికీ ఎన్95 మాస్కు కట్టాడు. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు. ‘‘ఇదివరకు తువ్వాల కట్టి చీపురుతో ఊడ్చేటోన్ని. రాత్రంతా దగ్గు’’ అన్నాడు. ఎండిన పావురం రెట్టలో ఊపిరితిత్తులకు హాని చేసే శిలీంధ్రాలు ఉండొచ్చు. ఊడిస్తే ఆ దుమ్ము మనమే పీలుస్తాం. అందుకే ఊడ్చేపనే లేదు. మొక్కలకు కొట్టే చిన్న స్ప్రేయరుతో మంచులా నీళ్లు చల్లి, పది నిమిషాలు ఆగి, దుమ్ము లేవకుండా మెత్తబడ్డాక వెదురుబద్దతో గీకి రెండు పొరల సంచిలోకి ఎత్తాడు. వెదురే ఎందుకు? రెట్టకన్నా గట్టిగా, గారకన్నా మెత్తగా ఉంటుంది కాబట్టి. ఇనుప రేకు, తాపీ అయితే గారమీద గీతలు పడతాయి.

మొత్తం రెట్ట ఎత్తాకే స్పాంజితో కడుగుతాడు. ఈ వరస తప్పితే పని చెడుతుంది. రెట్ట ఉండగానే బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే అందులోని లవణాలన్నీ కరిగి గోడలోకే వెళతాయి. కంటికి శుభ్రంగా కనిపిస్తుంది, ఆ గోడే నాలుగేళ్లకు పొరలు పొరలుగా రాలుతుంది. ఎంత తక్కువ నీళ్లు వాడితే అంత మంచిది. రంగుల చిత్రాలు ఉన్న గోడ అయితే ఒక్క చుక్క కూడా వద్దు. అది నిపుణుల పని.

బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు, సబ్బుపొడి, మరుగుదొడ్లు కడిగే యాసిడ్... ఇవి వాడకూడని వాటిలో మొదటివి. యాసిడ్ పోస్తే గోడ నిమిషంలో తెల్లబడుతుందని కొందరు మురిసిపోతారు. పోసినచోట బుసబుసమని నురుగు వస్తుంది చూడండి, ఆ పొంగేది మురికి కాదు, సున్నం. నాలుగు వందల ఏళ్లకిందట గానుగలో రుబ్బి గోడకు పట్టించిన సున్నం.

పావురాలు రాకుండా గూళ్లకు వల కట్టొచ్చు. రెండంగుళాల కన్నాలున్న నైలాన్ వల పావురాన్ని ఆపుతుంది. అయితే మేకులు రాతిలోకో, గారలోకో దిగకూడదు. రాళ్ల మధ్య సందుల్లోనే కొక్కేలు పెట్టాలి, అదీ శాఖ అనుమతితో. కట్టేముందు గూట్లో గుడ్లు, పిల్లలు ఉన్నాయేమో చూసి, ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆగాలి. ఆ తర్వాత రోజూ చూస్తుండాలి. ఒక మూల వల జారితే లోపలికి దూరిన పిట్ట బయటికి రాలేక చచ్చిపోతుంది. ఇక్కడ అన్నకు తోచిన ఉపాయం ఇంకోటి ఉంది. గేటు పక్కన జొన్నలు చల్లేవాళ్లను బతిమాలి రోడ్డు అవతలి ఖాళీస్థలానికి పంపించాడు. కొందరు తిట్టారు, పుణ్యానికి అడ్డొచ్చాడని. ‘‘పుణ్యం ఆడ చేసుకోండి, పావురాలు ఆడికే వస్తయి’’ అన్నాడట. నిజమే, గింజ ఎక్కడుంటే అక్కడే పావురం.

విత్తనం ఎవరు తెచ్చారు?

అక్కడనుంచి మేం కప్పు మీదికి ఎక్కాం. గుమ్మటం చుట్టూ పిట్టగోడ. దాని మొదట్లో, వాననీళ్లు పోయే తూము పక్కన రెండే రెండాకుల మొక్క. లేత ఎరుపు. రావి.

రావి, మర్రి, జువ్వి... ఈ జాతి చెట్ల విత్తనాలు ఆవగింజకన్నా చిన్నవి. ఆ పండ్లు తిన్న కోకిల, గోరింక, పికిలిపిట్ట, రాత్రిపూట గబ్బిలం కట్టడంమీద వాలి రెట్ట వేస్తాయి. విత్తనం చెడకుండా బయటికి వస్తుంది, పైగా ఎరువుతో సహా! గింజలు తినే మన ఊరపావురం దాదాపుగా విత్తనం నాటదు, దాని కడుపులో గింజ నలిగిపోతుంది. కానీ అది పోగుచేసిన రెట్ట, దుమ్ముతో కలిసి రాతిసందులో మట్టిలా పేరుకుంటుంది. కోకిల వేసిన విత్తనానికి పావురం దుక్కి సిద్ధం చేసినట్లన్నమాట. అందుకే రెట్ట ఎత్తని గోడమీదే మొక్కలు ఎక్కువ.

రావికి నేల అక్కర్లేదు. వెంట్రుకంత పగులు చాలు. వేరు నీళ్లకోసం లోపలి సున్నంలోకి వెతుక్కుంటూ వెళుతుంది. మొదట దారం, తర్వాత పెన్సిలు, ఆ తర్వాత చెయ్యి. లావెక్కేకొద్దీ రాళ్లను పక్కకు తోస్తుంది. ఆ సందులోంచి వాన దిగుతుంది. వానతో సున్నం కొట్టుకుపోతుంది. మరింత చోటు దొరికిన వేరు మరింత లావవుతుంది.

రెండాకుల మొక్కను అన్న బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మొదట్లోంచి లాగాడు. తెల్లటి దారంలాంటి వేరుతో సహా వచ్చేసింది. రాత్రి వాన పడింది కాబట్టి సులువుగా వచ్చిందట. అందుకే వానలు మొదలయ్యాక ఆగస్టులో ఒకసారి, అవి ఆగాక అక్టోబరులో మరోసారి ఇంచు ఇంచూ వెతుకుతాడు. ఎండాకాలంలో లాగితే కాడ తెగి వేరు లోపలే ఉండిపోతుంది. అలా తెగితే ఒకటి పోయి మూడు చిగుర్లు వస్తాయి.

పది అడుగుల అవతల అసలు కథ ఉంది. పిట్టగోడలో మణికట్టంత లావున్న రావి మోడు. దాని కింద గోడ వెలుపలివైపు తలుపంత మేర గార లేదు, లోపలి ఇటుకరాయి బయటపడి ఉంది.

కొన్నేళ్లకిందట అది చిటికెనవేలంత ఉండేది. ఏటా ఓ పండక్కో, పెద్దవాళ్లు వస్తున్నప్పుడో కొడవలితో కొట్టేసేవారు. కొట్టినప్పుడల్లా పైన కొమ్మ పోయేది, లోపల వేరు మాత్రం ఇంకో ఏడు బలిసేది. ఒక ఏడాది కూలీలు వచ్చి ‘వేళ్లతో సహా పీకేస్తే పీడా పోతుంది’ అని తాడు కట్టి గుంజారు. చెట్టు వచ్చింది. దాంతోపాటు గోడ గార కూడా ఒక్క పెట్టున ఊడి కింద పడింది. నయం, కింద ఎవరూ లేరు. ఇంత చేసినా వేరు మొదలు లోపలే తెగి మళ్లీ చిగురించింది.

‘‘గుంజితే గోడ కూడ వస్తది సార్. అప్పట్ల నాకూ తెల్వదు, నేను కూడ ఓ చెయ్యి వేసిన’’ అన్నాడు అన్న. ఆ ఊడిన గారమీద చెక్కిన లత ఉండేదట. మిగిలిన గోడమీద దాని కొస మాత్రం కనిపిస్తోంది.

కంబోడియాలోని తా ప్రోమ్ గుడి ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. రాతిగోడలను కౌగిలించుకున్న పెద్దపెద్ద వేళ్లు. అక్కడ చెట్టే గోడను పడగొట్టింది, ఇప్పుడు కొన్నిచోట్ల చెట్టే గోడను నిలబెడుతోంది కూడా. వేరును తీసేస్తే రాళ్లు ఒకదానిమీద ఒకటి నిలవవు. మన కట్టడాల్లో లావెక్కిన ప్రతి వేరుకూ ఇదే సూత్రం. బొటనవేలికన్నా లావున్నదాన్ని కాపలాదారు లాగకూడదు.

మరి ఏం చేయాలి? ఈ మోడుకు చివరకు ఏం చేశారో అన్న వివరంగా చెప్పాడు. మొదట పైనుంచి కొమ్మలను ముక్కలుముక్కలుగా కోసి తాడుతో కిందికి దించారు, గోడమీద పడకుండా. కాండాన్ని నాలుగువేళ్ల ఎత్తు వదిలి రంపంతో కోశారు. కత్తితో నరికితే ఆ అదురుకే రాళ్లు కదులుతాయి. కోసిన వెంటనే, అంటే నిమిషాల్లోనే, కలుపుమందును చిన్న బ్రష్షుతో పూశారు. మోడంతా కాదు, బెరడుకు లోపలగా ఉండే పచ్చి అంచుమీద. ఆహారం కిందికి దిగే దారి అదే, మందు కూడా ఆ దారినే వేళ్లకు చేరుతుంది. ఆలస్యమైతే కోసినచోట పాలు గట్టిపడి దారి మూసుకుపోతుంది. వాన కడిగేయకుండా పాలిథిన్ కట్టారు. ఈ మందు పని శిక్షణ ఉన్నవాళ్లదే, కాపలాదారుది కాదు. అందులో ఎక్కువగా వాడే గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022లో కేంద్రం ఉత్తర్వు కూడా ఇచ్చింది. పిచికారీ అసలు చేయరు. గోడకీ, కింద తోటకీ అంటుతుంది.

ఉప్పు పోస్తే చెట్టు చచ్చిపోతుందని ఊళ్లలో చెబుతారు. చావొచ్చు. ఆ ఉప్పు మాత్రం గోడలోనే ఉండి, రెట్టలోని లవణాలు చేసే పనే ఇంకా జోరుగా చేస్తుంది. కిరోసిన్, యాసిడ్ కూడా అంతే.

మందు పూశాక అన్న పని మొదలైంది. అది చూడటం. నెలకోసారి అదే చోటునుంచి, స్కేలు పక్కన పెట్టి ఫొటో. మూడో నెలలో పక్కనుంచి ఒక చిగురు వచ్చింది. కబురు పెడితే వచ్చి మళ్లీ పూశారు. ఒక వానాకాలం గడిచింది, చిగురు లేదు. ఇప్పుడు మోడు ఎండి గోధుమరంగుకు తిరిగింది, గోరుతో గీకితే బెరడు పొడిగా లేచి వస్తోంది. చచ్చిందనడానికి అదే గుర్తు. బెరడు కింద పచ్చ కనిపిస్తే బతికే ఉన్నట్లు.

చచ్చిందని వదిలేస్తే సరిపోదు. వేరు కుళ్లి మట్టి అయ్యేసరికి దాని చోట ఓ గొట్టం మిగులుతుంది. తూము కట్టి నీళ్లను గోడలోకి పంపినట్లే. అందుకని తేలిగ్గా ఊడివచ్చేంత వేరును తీసి, రానిదాన్ని లోపలే వదిలేసి, ఖాళీని సున్నంతో పూడ్చాలి.

సిమెంటు ఎందుకు వద్దు?

‘‘ఒక బస్తా సిమెంటుతో అయ్యేదానికి ఇంత తతంగమా?’’ అని ఇంజినీరింగ్ చదివిన మా మిత్రుడొకాయన అన్నాడు. సిమెంటు పాత గోడకన్నా గట్టిది. తేమను బయటికి పోనివ్వదు. పాత సున్నపు గోడ వానకు తడిసి, ఎండకు ఆరుతూ ఊపిరి పీలుస్తుంది. మధ్యలో సిమెంటు అతుకు పడితే తేమ దాని అంచుల వెంట చేరుతుంది. ఏడాదికల్లా అతుకుకీ పాత గోడకీ మధ్య వెంట్రుకంత పగులు. రావిమొక్కకు అంతకంటే ఏం కావాలి? పైగా సిమెంటులోని లవణాలు పాత గారలోకి దిగుతాయి.

గోల్కొండ పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఈ పాఠం పెద్ద ఎత్తున కనిపించింది. 2013లో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ అక్కడ పని మొదలుపెట్టినప్పుడు, ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును తొలగించి మళ్లీ సున్నపు గార వేయడం ప్రధానమైన పనుల్లో ఒకటైంది. ఆ ప్రాజెక్టు 2024లో ముగిసింది. ఒకసారి పూసిన సిమెంటును కింది గార దెబ్బతినకుండా ఉలితో తీయడం పూసినంత తేలిక కాదు.

మన మోడు దగ్గర వాడబోయేది ఒకపాలు నానబెట్టిన సున్నానికి రెండున్నర పాళ్ల జల్లించిన ఇసుక. పూర్వం ఇందులో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవారు, ఇప్పుడూ కలుపుతున్నారు. ముందు ఖాళీలోని దుమ్ము తీసి, లోపల తడిపి, సున్నాన్ని ఒకేసారి కాకుండా పొరలుగా కూరాలి. తర్వాత తడి గోనెపట్టా కప్పి వారం పదిరోజులు తడి ఆరకుండా చూడాలి. సున్నం గాలిని పీల్చి గట్టిపడుతుంది, తొందరపెడితే పగులుతుంది. పూడ్చేది మేస్త్రీ. గోనెపట్టా ఆరకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లేది అన్నే. ‘‘నీళ్లు చల్లుడు మర్చిపోయి మేస్త్రీని తిడితే ఏం లాభం’’ అంటాడాయన.

మే నెలలో ఒక పూట

ఇన్ని పనుల్లో ఏది ముఖ్యమని అడిగితే అన్న ఆలోచించకుండా తూము వైపు చూపించాడు. మే నెలాఖరులో, మొదటి వానకు ముందు, కప్పు మీది తూములన్నిట్లోంచి ఎండుటాకులు, పిట్టగూళ్ల పుల్లలు, రెట్ట, మట్టి చేత్తో తీసేసి, ఒక చెంబు నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడటం. ఒక పూట పని. తూము మూసుకుపోతే కప్పుమీద నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లు గోడలోకి దిగుతాయి. గుమ్మటంమీద, గోడల మీద కనిపించే నల్లటి చారలు చాలావరకూ మసి కాదు. తడి ఉన్నచోట పెరిగే నాచు ఎండితే కనిపించే రంగు అది. దాన్ని ఏటా ఇనుప బ్రష్షుతో తోమితే గార పైపొర పోయి ఇంకా గరుకుగా మారుతుంది, మరుసటి ఏడు నాచు మరింత గట్టిగా పడుతుంది. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూసి ఆపితే చాలు, నాచు తనంతట తానే ఎండుతుంది.

అయితే అన్నకూ చేతకానివి ఉన్నాయి. గుమ్మటం నడినెత్తిన జానెడు జువ్వి ఒకటి ఉంది. అక్కడికి చేరాలంటే పరంజా కావాలి. నిచ్చెన గుమ్మటానికి ఆనిస్తే గార నలుగుతుంది, మనిషి జారితే ప్రాణం పోతుంది. మూడుసార్లు కాగితం రాసి పంపాడు. ప్రతిసారీ ఫొటో జతచేశాడు. మొదటి ఫొటోలో నాలుగాకులు, రెండో ఫొటోలో తొమ్మిది. మూడోదానిలో లెక్కపెట్టలేదు.

మేం కిందికి దిగేసరికి పది దాటింది. కాలేజీ పిల్లలు నలుగురు టికెట్లు తీసుకుని లోపలికి వచ్చారు. ఒకడి చేతిలో పగిలిన పెంకు ముక్క. అన్న ఏమీ అనలేదు. రబ్బరు, బ్రష్షు సంచిలో పెట్టుకుని, స్టూలు తీసుకెళ్లి మెట్ల మలుపు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.